ఏది నూనెలో దిగుతుంది, ఏది నీటిలో

ఉసిరి, మందారం, శీకాయ మూడూ జుట్టుకు మంచివని వినగానే చాలామంది చేసే పని ఒకటే. మూడింటినీ కలిపి కొబ్బరినూనెలో పడేసి, నల్లబడేదాకా కాచి, వడకట్టి సీసాలో పోసుకుంటారు. ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, నూనె కూడా చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అందులో వేసిన శీకాయ అంతా వృథా. మా పక్కింటి అమ్మాయి ఒకసారి సీసా తెచ్చి చూపించింది. "పిన్నీ, గుప్పెడు శీకాయలు కూడా వేసి కాచాను. ఇక తలంటుకు వేరే ఏమీ అక్కర్లేదు కదా?" అంది. అక్కరే. ఆ నూనె రాసుకున్నాక జిడ్డు వదిలించడానికి ఆమెకు మళ్లీ శీకాయ కావాల్సిందే. ఎందుకంటే శీకాయలో మురికిని వదిలించే గుణం నూనెలోకి రాదు, నీటిలోకే వస్తుంది.

ఇంట్లో తలనూనె, తలకు పట్టించే ముద్ద చేసుకోవాలనుకునేవాళ్లు మొదట తెలుసుకోవాల్సింది ఇదే. ఏ దినుసు సారం ఎందులో దిగుతుందో తెలిస్తే కొలతలు కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు. అది తెలియకపోతే ఎంత కచ్చితంగా కొలిచినా ప్రయోజనం ఉండదు.

శీకాయ తొక్కలో సాపోనిన్లు అనే పదార్థాలుంటాయి. కుంకుడుకాయలో ఉండేవీ అవే జాతి. వీటి అణువులో ఒక కొసకు నీరంటే ఇష్టం, మరో కొసకు జిడ్డంటే ఇష్టం. నీటిలో కరిగినప్పుడు ఆ జిడ్డు కొస తలలోని నూనెను పట్టుకుంటుంది, రెండో కొస నీటితో పాటు దాన్ని బయటికి లాగేస్తుంది. నురుగు వచ్చేది కూడా ఈ సాపోనిన్ల వల్లే. నీరు లేని చోట, అంటే నూనె బాణలిలో, వాటికి పనే లేదు. నమ్మకం కుదరకపోతే ఒక కాయను విరిచి నూనెలో, ఇంకో కాయను నీళ్లలో రాత్రంతా ఉంచండి. పొద్దున్నే రెండు గిన్నెల్లోనూ చేయి పెట్టి రుద్దితే సంగతి తెలిసిపోతుంది.

మందారం కథ వేరు. దాని ఆకునీ పువ్వునీ నలిపితే చేతికి తగిలే జిగురుంది చూడండి, జుట్టును మెత్తగా, చిక్కు పడకుండా ఉంచేది అదే. ఆ జిగురు నీటిలో మాత్రమే దిగుతుంది. ఆకులోని పచ్చదనం, దానితో పాటు జిడ్డులో కరిగే మరికొన్ని పదార్థాలు నూనెలో దిగుతాయి. మందారం సారాన్ని ఎలుకల మీద పరీక్షించి 2003లో ప్రచురించిన ఒక అధ్యయనంలో వెంట్రుకల పెరుగుదలకు పువ్వు కంటే ఆకు సారమే ఎక్కువగా తోడ్పడిందని తేలింది. ఎలుకల మీద వచ్చిన ఫలితం మన తలకూ అలాగే వస్తుందని ఎవరూ చెప్పలేరు. అయినా పువ్వుల కోసం చెట్టంతా వెతుక్కునేవాళ్లు పక్కనే ఉన్న ఆకును వదిలేయకూడదని మాత్రం ఆ ఫలితం గుర్తు చేస్తుంది.

ఇక ఉసిరి. దాని పులుపు, వగరు, సి విటమిన్ అన్నీ ప్రధానంగా నీటిలో కరిగేవే. నూనెలో ముక్కలు వేసి వేయిస్తే వాటిలో చాలా భాగం ముక్కల్లోనే ఉండిపోతుంది. అందుకే పాతకాలపు తైలాల పద్ధతిలో ఉసిరిని వేయించరు. రసం తీసి నూనెతో కలిపి, ఆ రసంలోని నీరంతా ఇగిరిపోయేదాకా సన్నసెగ మీద కాస్తారు. అంతసేపు రసమూ నూనే కలిసి మరగడం వల్ల రావాల్సిన సారం ఎంతో కొంత నూనెలోకి వస్తుంది. ఆయుర్వేద తైలపాకంలో చెప్పే కొలత ఒక పాలు ముద్ద, నాలుగు పాళ్లు నూనె, పదహారు పాళ్లు రసమో కషాయమో. ఆ లెక్కన అరలీటరు నూనెకు రెండు లీటర్ల రసం కావాలి. ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద అది జరిగే పని కాదు. నేను చెప్పబోయే కొలత దానికంటే చాలా తక్కువ. పద్ధతి మాత్రం అదే.

నూనె సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. దినుసుల మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా మనం నూనె మీద పెట్టం. కానీ ఈ సీసాలో అసలు పని చేసేది నూనే. కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో, వెంట్రుక నుంచి మాంసకృత్తులు పోకుండా ఆపగలిగింది కొబ్బరినూనె ఒక్కటే. అందులో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం అణువు చిన్నది, తిన్ననిది కావడంతో వెంట్రుక లోపలికి చొరబడగలదు. మిగతా రెండూ పైపైనే ఉండిపోతాయి. కాబట్టి మంచి గానుగ కొబ్బరినూనె దొరికితే అదే తీసుకోండి. చలికాలంలో 24 డిగ్రీల కంటే చల్లబడితే అది గడ్డ కడుతుంది. అది కల్తీ కాదు, దాని స్వభావం. ఆ ఇబ్బంది వద్దనుకుంటే నాలుగో వంతు నువ్వుల నూనె కలుపుకోవచ్చు.

ఇప్పుడు ఒక వాయి నూనె ఎలా కాస్తారో మొదటి నుంచి చూద్దాం.

అరలీటరు కొబ్బరినూనెకు పావుకిలో పెద్ద ఉసిరికాయలు కావాలి. ఏడెనిమిది కాయలు తూగుతాయి. లోపల గట్టి గింజ ఉండి, మనం నిల్వ పచ్చడి పెట్టుకునే ఉసిరే వాడాలి. చెట్టుకు గుత్తులుగా కాసి, గీతలు పడి, పుల్లగా ఉండే చిన్న ఉసిరి దీనికి పనికిరాదు. దానితో పాటు పదిహేను మందార పువ్వులు, ఇరవై లేత మందారాకులు. ఐదు రేకలుండే ఎర్ర మందారమైతే మేలు. ముద్ద మందారమైనా తప్పు లేదు. పట్టణాల్లో కుండీల్లో పెంచే మందారానికి పిండినల్లి పట్టని ఇల్లుండదు, దానికి మందు కొట్టనివాళ్లూ తక్కువే. ఈమధ్య మందు కొట్టిన మొక్క నుంచి ఆకు కోయకండి. పువ్వు కింది పచ్చని తొడిమను, మధ్యలో పుప్పొడితో ఉండే కాడను తీసేసి రేకలు మాత్రమే తీసుకోండి. పుప్పొడి కొందరికి దురద పుట్టిస్తుంది.

ఉసిరికాయలు కడిగి, తుడిచి, గింజలు తీసి, చుక్క నీరు కూడా పోయకుండా మిక్సీలో రుబ్బండి. ఆకులు, రేకలు కడిగాక గుడ్డ మీద పరిచి, పైనున్న తడి పూర్తిగా ఆరాక అదే మిక్సీలో వేసి మరోసారి తిప్పండి. పైతడి ఆరాలని ఎందుకంటున్నానంటే, ఉసిరిలోనూ ఆకులోనూ ఉన్న నీరే దాదాపు ఒక గ్లాసు ఉంటుంది. అదంతా పొయ్యి మీద ఆవిరి కావాలి. పైనుంచి మనం ఇంకో గ్లాసు కలిపితే కాచే సమయం అంత పెరుగుతుంది.

గిన్నె విషయంలో మాత్రం పట్టుదలగా ఉండండి. అడుగు మందంగా ఉన్న వెడల్పాటి స్టీలు గిన్నె మేలు. అల్యూమినియం గిన్నెను ఉసిరి పులుపు తినేస్తుంది, రాగి, ఇత్తడి అయితే ఇంకా చెరుపు. ఇనుప మూకుడులో కాస్తే నూనె నల్లగా, గంభీరంగా కనిపిస్తుందని చాలామందికి ఇష్టం. కానీ నూనెలోకి చేరిన ఇనుము ఆ నూనె త్వరగా పాడవడానికి కారణమవుతుంది. ఇనుప మూకుడుకు ఇందులో మంచి పని ఒకటి ఉంది, అది ముద్ద దగ్గర చెబుతాను.

గిన్నె ఎంత పెద్దదైనా సగానికి మించి నింపకండి. రుబ్బిన ముద్ద నూనెలో పడి వేడెక్కగానే నురుగుతో పొంగుతుంది. పొంగిన నూనె మంట మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పొయ్యి సన్నసెగ మీద పెట్టి, చల్లటి నూనెలోనే ముద్ద వేసి కలపండి. కాగే నూనెలో తడి ముద్ద వేయడం చేతులు కాల్చుకోవడమే. మూత పెట్టకూడదు. పెడితే ఆవిరి మూతకు తగిలి నీటిచుక్కలై తిరిగి నూనెలోనే పడుతుంది. అడుగంటకుండా చెక్క గరిటెతో కలుపుతూ ఉండాలి. పొయ్యి దగ్గర నుంచి కదలకూడదు.

మొదటి అరగంటలో పెద్దగా ఏమీ జరుగుతున్నట్టు అనిపించదు. బుడగలు వస్తూనే ఉంటాయి, పచ్చిగా పుల్లటి వాసన వస్తుంది. నూనెలో నీరున్నంత సేపూ గిన్నెలోని వేడి నీరు మరిగే 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. మనం ఇస్తున్న వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. అందుకే ఈ దశలో ఏదీ మాడదు. మనకు విసుగొచ్చి మంట పెంచాలనిపించేది సరిగ్గా ఇక్కడే. పెంచకండి. నీరు అయిపోయిన క్షణం నుంచి వేడిని ఆపేది ఏదీ ఉండదు, నూనె ఒక్కసారిగా కాగిపోతుంది. పెద్ద మంట మీద ఉంటే పాకం వచ్చిన నూనెకూ మాడిన నూనెకూ మధ్య రెండు మూడు నిమిషాలు కూడా ఉండవు.

పాకం వచ్చిందని చెప్పే గుర్తులు నాలుగున్నాయి, నాలుగూ కలిసి రావాలి. చిటపట శబ్దం తగ్గి దాదాపు ఆగిపోతుంది. పెద్ద బుడగల బదులు నూనె పైన సన్నని నురుగు తేలుతుంది. పచ్చివాసన పోయి, కాస్త వేయించిన కమ్మటి వాసన మొదలవుతుంది. ముద్ద ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. అప్పుడు గరిటె కొసతో కొంచెం ముద్ద తీసి, చల్లారనిచ్చి, రెండు వేళ్ల మధ్య పెట్టి నలపండి. వేలికి అంటుకుంటే ఇంకా నీరుంది. అంటుకోకుండా వత్తిలా చుట్టుకుంటే సరిగ్గా ఉంది. వత్తిలా రాకుండా పొడిపొడిగా రాలి, నల్లగా ఉంటే మాడింది. తైలాలు కాచేవాళ్లు ఇంకో పరీక్ష కూడా చేస్తారు. దూదివత్తిని ఆ నూనెలో తడిపి, పొయ్యికి దూరంగా, పళ్లెంలో పెట్టి వెలిగిస్తారు. చిటపటలాడితే తేమ ఉన్నట్టు, నిశ్శబ్దంగా వెలిగితే పాకం కుదిరినట్టు. నా అనుభవంలో ఇంతకంటే నమ్మదగిన పరీక్ష లేదు.

నేను చెప్పిన కొలతకు సన్నసెగ మీద ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. గడియారం కంటే వత్తిని నమ్మండి. ఉసిరి ఎంత రసం పట్టి ఉందో, గిన్నె ఎంత వెడల్పుగా ఉందో దాన్ని బట్టి సమయం మారుతుంది.

దించాక గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, మందపాటి గుడ్డలో వడకట్టి గట్టిగా పిండండి. ముద్ద కొంత నూనెను పట్టుకునే ఉంటుంది కాబట్టి పోసిన అరలీటరూ తిరిగి రాదు. పిండిన నూనెను వెంటనే సీసాలో పోయకుండా, ఒక గాజు పాత్రలో పోసి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారాక పాత్రను వెలుతురుకు ఎదురుగా పెట్టి అడుగు చూడండి. సన్నటి మడ్డి ఉంటే మంచిదే, పైనున్న తేట నూనెను వంచుకుంటే సరిపోతుంది. అడుగున జారే మసక పొరగానీ చిన్న నీటి బుడగలుగానీ కనిపిస్తే పాకం తక్కువైందన్నమాట. అప్పటికప్పుడైతే ఆ నూనెను మళ్లీ సన్నసెగ మీద పెట్టి శబ్దం ఆగేదాకా కాచుకోవచ్చు. పది రోజుల తర్వాత చూసి, పులిసిన వాసనో బూజో కనబడితే మళ్లీ కాచినా లాభం లేదు, పారబోయాలి. ఇంట్లో చేసిన తలనూనె పాడైందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఈ మిగిలిన నీరే.

సీసా కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి వాడండి. రంగు గాజు సీసా అయితే మంచిది, వెలుతురు తగిలితే నూనె త్వరగా చెడుతుంది. తడి చేత్తో నూనె తీయడం, సీసా స్నానాలగదిలో పెట్టడం రెండూ వద్దు. అరలీటరు మించి ఒకేసారి కాచకండి, దాన్ని మూడు నెలల్లో వాడేయండి. పాడైన ఎండు కొబ్బరి వాసన వస్తే వాడడం మానేయాలి.

రంగు గురించి ఒక మాట. మందార పువ్వులు వేశాం కదా, నూనె ఎర్రగా రాలేదేమని చాలామంది నిరాశపడతారు. రేకల్లోని ఎరుపు నీటిలో కరిగే రంగు, నూనెలోకి రాదు. ఆకుల వల్ల కొంచెం పచ్చదనం, కాచడం వల్ల గోధుమ రంగు వస్తాయి. రెండూ కలిసి పాచి రంగు నూనె తయారవుతుంది. అదే సరైన రంగు. మందార తైలమని ఎర్రగా మెరిసే సీసా ఎవరైనా చూపిస్తే ఆ ఎరుపు మందారానిది కాదని మీకు తెలిసిపోతుంది. రంగు పొడైనా కలిపి ఉండాలి, నూనెలో కరిగి ఎరుపునిచ్చే రతన్‌జోత్ వేరైనా వేసి ఉండాలి. రతన్‌జోత్ వేస్తే తప్పేమీ లేదు, అది మందారమని చెప్పడమే తప్పు.

పచ్చి ఉసిరి దొరకని రోజుల్లో ఎండు ముక్కలతో చేసే పద్ధతి తేలిక. బాగా ఎండిన ఉసిరి వరుగు యాభై గ్రాములు, నీడలో గలగలలాడేలా ఆరిన మందార రేకలూ ఆకులూ ఒక గుప్పెడు, అరలీటరు నూనె. వీటిని ఒక గిన్నెలో వేసి, ఆ గిన్నెను మరిగే నీళ్ల గిన్నెలో గంటసేపు ఉంచాలి. తీశాక మూడు రోజులు ఇంట్లోనే ఉంచి వడకట్టాలి. ఇగరాల్సిన నీరు లేదు కాబట్టి మాడే భయం, పాడయ్యే భయం రెండూ తక్కువ. సారం కూడా కాస్త తక్కువే దిగుతుంది. మొదటిసారి చేసేవాళ్లకు నేను ఇదే చెబుతాను.

ఇక నీటి వైపుకు వద్దాం. శీకాయకు దాని బలమంతా దక్కేది ఇక్కడే.

శీకాయ తీగజాతి ముళ్లపొద. మన తూర్పు కనుమల అడవుల్లో పెరుగుతుంది. మన్యంలో గిరిజనులు ఏరి తెచ్చే అటవీ ఉత్పత్తుల్లో ఇదొకటి. విశాఖపట్నం కేంద్రంగా 1956 నుంచి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ కొనే సరుకులో శీకాయ, కుంకుడు ఉంటాయి. పొడి కొనే కంటే కాయ కొనడమే ఎప్పుడూ మంచిది. కాయ ఎర్రటి గోధుమ రంగులో, ముడతలు పడి, ఎండి ఉండాలి. విరిస్తే టక్కున విరగాలి. వంగితే తేమ పట్టిందన్నమాట, చిల్లులుంటే పురుగు పట్టిందన్నమాట. నురుగంతా తొక్కలోనే ఉంటుంది కాబట్టి గింజలు తీసేయండి. గింజతో సహా మర పట్టిస్తే ఆ నూక తలలో చిక్కుకుని ఎన్ని చెంబులు పోసినా వదలదు. పొడి కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ ధూళి గుక్క తిప్పుకోనివ్వనంత తుమ్ములు తెప్పిస్తుంది. కొన్న పొడి మీద అనుమానముంటే చిన్న సీసాలో చెంచాడు పొడి, నీళ్లు పోసి బాగా గిలకొట్టండి. మంచి శీకాయైతే నురుగు కొన్ని నిమిషాలు నిలబడుతుంది.

నడుము దాకా జుట్టున్నవాళ్ల ఒక్క తలంటుకు ఎనిమిది శీకాయలు చాలు. ముందురోజు రాత్రి గింజలు తీసి, విరిచి, రెండు గ్లాసుల నీళ్లలో నానబెట్టండి. అదే రాత్రి ఇనుప మూకుడులో రెండు పెద్ద చెంచాల ఉసిరిపొడి వేసి, వేడినీళ్లు పోసి దోసెల పిండి అంత జారుగా కలిపి, మూత పెట్టి ఉంచండి. ఇందాక ఇనుప మూకుడుకు పనుందన్నది ఇదే. ఉసిరిలోని వగరు ఇనుముతో కలిసి నల్లటి పదార్థంగా మారుతుంది. పూర్వం కరక్కాయ, అన్నభేదితో సిరా తయారైంది కూడా ఈ చర్యతోనే. తెల్లారేసరికి మూకుడులోది కాటుకలా ఉంటుంది. ఇది నెరిసిన వెంట్రుకల మీద పైపైన కొంచెం ముదురు ఛాయ ఇస్తుంది, కొన్ని తలంట్లకు అది పోతుంది. నెరుపును వెనక్కి తిప్పదు. ఉసిరితో తెల్లవెంట్రుక నల్లగా మొలుస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

పొద్దున్నే శీకాయల్ని అవే నీళ్లలో పది నిమిషాలు మరిగించి, చల్లారాక చేత్తో గట్టిగా పిసికి, గుడ్డలో వడకట్టండి. వచ్చిన చిక్కటి నీళ్లలో సగం పక్కన పెట్టి, మిగతా సగంలో పాతిక మందారాకులు, ఐదారు పువ్వుల రేకలు వేసి చేత్తోనే నలపండి. మిక్సీలో వేస్తే త్వరగా అవుతుంది, కానీ ఆకు తునకలన్నీ తలలో దిగబడతాయి. చేత్తో నలిపితే జిగురంతా నీటిలోకి వచ్చి, పిప్పి చేతికి మిగులుతుంది. పిప్పి పారేసి, ఆ జిగురు నీళ్లను ఇనుప మూకుడులోని ఉసిరిలో కలపండి. తలకు నిలిచేంత చిక్కగా లేకపోతే రెండు చెంచాల పెసరపిండి కలుపుకోవచ్చు. కాస్త గంజి ఉంటే ఇంకా బాగా కుదురుతుంది.

ఈ ముద్దను జుట్టు పొడిగా ఉన్నప్పుడు పట్టించకూడదు. ముందు నీళ్లతో తడిపి, పాయలు తీసి, మాడుకు పట్టించి, మిగిలింది జుట్టు పొడవునా రాయండి. పదిహేను ఇరవై నిమిషాలు చాలు, ఆరిపోనివ్వకండి. ఆరిందంటే పెంకులా బిగుసుకుని, కడిగేటప్పుడు వెంట్రుకల్ని పీకుతుంది. చాలామంది తలకు ముద్ద పెట్టుకుంటే జుట్టు ఎక్కువ రాలుతోందని మానేస్తారు. అడిగి చూస్తే గంటన్నర ఆరబెట్టుకున్నామంటారు. ముందు నీళ్లతో ముద్దంతా వదిలించి, తర్వాత పక్కన పెట్టిన శీకాయ నీళ్లతో మాడు రుద్దుకుని, మళ్లీ బాగా కడుక్కోవాలి. తల వెనక్కి వాల్చి పోసుకోండి. కంట్లో పడితే మంట భరించలేం, వెంటనే మంచినీళ్లతో కడగాలి. తుడుచుకోవడానికి పాత తువ్వాలే వాడండి. నల్లబడిన ఉసిరి మరక తెల్లగుడ్డను వదలదు.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో శీకాయకు ఒక అదనపు మేలుంది. ఆ నీళ్లలోని సున్నంతో సబ్బు కలిస్తే తెల్లటి మడ్డి ఏర్పడి వెంట్రుకల మీద పొరలా నిలిచిపోతుంది. జుట్టు బిరుసుగా, జీవం లేనట్టు ఉంటుంది. సాపోనిన్లు అలా మడ్డి కట్టవు. పైగా సబ్బు క్షారం, శీకాయ నీళ్లు కొద్దిగా ఆమ్లం. మాడు స్వభావమూ కొద్దిగా ఆమ్లమే కాబట్టి వెంట్రుక పై పొలుసులు లేవకుండా అణిగి ఉంటాయి. అయితే శీకాయ షాంపూ అంత గట్టిది కాదు. తల నిండా నూనె కారేలా పెట్టుకుని ఒక్కసారి శీకాయతో జిడ్డు పోలేదంటే ఆ తప్పు శీకాయది కాదు. నడుము దాకా జుట్టుకు కూడా రెండు మూడు చెంచాల నూనె చాలు. గంట ముందు రాసుకుని తలంటుకుంటే కొబ్బరినూనె చేయాల్సిన పని చేసేస్తుంది.

కలిపిన ముద్దను దాచుకోవద్దు. ఫ్రిజ్‌లో పెట్టినా మర్నాటికి మించి ఉంచకండి, పులుస్తుంది. మొదటిసారి వాడేవాళ్లు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు చూడాలి. దద్దురో మంటో వస్తే తలకు పట్టించకండి.

ఈ నూనే ఈ ముద్దా ఎక్కడ పనికిరావో కూడా చెప్పాలి. చుండ్రు ఎక్కువగా ఉన్నవాళ్లు రాత్రంతా నూనె పెట్టుకోకూడదు. చుండ్రుకు తోడ్పడే శిలీంధ్రానికి ఆహారం జిడ్డే. మనం ఉపశమనం అనుకుని రాసేది దాన్ని మేపుతుంది. డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు, కాన్పు తర్వాత కూడా, గుప్పెళ్లుగా జుట్టు రాలుతుంది. చాలామందిలో అది కొన్ని నెలల్లో దానంతట అదే సర్దుకుంటుంది. సరిగ్గా ఆ సమయంలో మొదలుపెట్టిన నూనెకు ఆ పేరంతా వెళ్లిపోతుంది. రక్తహీనత, థైరాయిడ్ వల్ల రాలే జుట్టుకు తలమీద ఏం రాసినా ఆగదు, రక్తపరీక్ష చేయించాలి. పేనుకొరుకుడులా గుండ్రంగా, నున్నగా మచ్చలు పడితే శీకాయతో రుద్దడం మానేసి చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి.

పచ్చి ఉసిరి కార్తీకం నుంచి మాఘం దాకా దండిగా దొరుకుతుంది. ఏడాదికి సరిపడా పొడి అప్పుడే చేసుకోవడం మంచిది. రెండు కిలోల కాయలు ఆవిరి మీద పది నిమిషాలు ఉంచితే తొనలు వాటంతట అవే విడివడతాయి, గింజ తేలిగ్గా వస్తుంది. ఆ తొనల్ని పలచటి గుడ్డ కప్పి ఎండబెట్టాలి. నాలుగైదు ఎండలు తగిలాక విరిస్తే టక్కుమనాలి, లోపల ఎక్కడా మెత్తదనం ఉండకూడదు. సగం వరుగునే పొడి కొట్టి, మిగతా సగం ముక్కలుగానే జాడీలో పెట్టుకోండి. పొడి మూడు నాలుగు నెలలకే రంగు తిరిగి వాసన పోతుంది, ముక్కలైతే వేసవి గడిచి వానలు పడేదాకా ఆగుతాయి.